ఫ్రీస్టైల్ దూరపు ఈత: బారల లెక్క ఎప్పుడు నిజం చెబుతుంది, ఎప్పుడు మోసగిస్తుంది?

లండన్ ఒలింపిక్స్‌లో 2012 ఆగస్టు 4న జరిగిన పురుషుల 1500 మీటర్ల ఫ్రీస్టైల్ ఫైనల్‌ను చైనా స్విమ్మర్ సున్ యాంగ్ 14 నిమిషాల 31.02 సెకన్లలో ముగించాడు. ఆ ప్రపంచ రికార్డు 12 ఏళ్లు నిలిచింది. 2024లో పారిస్‌లో అమెరికా స్విమ్మర్ బాబీ ఫింక్ 14 నిమిషాల 30.67 సెకన్లతో దానిని చెరిపివేశాడు. సున్ యాంగ్ తరువాతి కాలంలో డోపింగ్ నిబంధనల వివాదంలో నిషేధానికి గురికావడం వేరే కథ. ఈత శిక్షకులు ఆ రేసు వీడియోను చూసేది మరో కారణంతో. సగటున 29 సెకన్లకు ఒక 50 మీటర్ల చొప్పున సాగిన ఆ ఈతలో, రేసు నడుమ అతడు ఒక్కో 50 మీటర్లకు వేసిన బారలు సుమారు 28 మాత్రమే. సరదాగా ఈత కొట్టేవారిలో చాలామంది అందులో సగం దూరానికే, అంటే 25 మీటర్ల కొలనును ఒకసారి దాటడానికే, ఇరవైకి పైగా బారలు వేస్తారు.

ఇటువంటి ఉదాహరణల వల్లనే ‘బారలు ఎంత తగ్గితే ఈత అంత మెరుగు’ అనే అభిప్రాయం స్థిరపడింది. చేతి గడియారాలు సైతం ప్రతి పొడవుకూ స్ట్రోకుల సంఖ్యను లెక్కించి చూపుతుండడంతో, ఆ అంకెను తగ్గించడమే లక్ష్యంగా సాధన చేసేవారు పెరిగారు. ఇక్కడే పొరపాటు జరుగుతున్నది. బారల లెక్క ఒక కొలమానం మాత్రమే. జ్వరమానిని నీళ్లలో ముంచి చల్లబరిస్తే జ్వరం తగ్గనట్లే, అంకెను బలవంతంగా తగ్గిస్తే ఈత బాగుపడదు.

ఈ మాట ఎంత నిజమో ఒక లెక్క వేసి చూస్తే తెలుస్తుంది. 25 మీటర్ల కొలనులో 1500 మీటర్లు, అంటే 60 పొడవులు ఈదే ఒక సాధారణ స్విమ్మర్‌ను ఊహించుకుందాం. ప్రతిసారీ గోడను కాళ్లతో తన్ని 5 మీటర్లు జారుతాడు. దానికి 3 సెకన్లు పడుతుంది. మిగిలిన 20 మీటర్లకు 22 బారలు వేస్తాడు. ఒక్కో బారకు 1.1 సెకన్లు. అంటే ఒక పొడవుకు 27.2 సెకన్లు, 1500 మీటర్లకు 27 నిమిషాల 12 సెకన్లు. ఒక బారతో అతడు సాగుతున్నది దాదాపు 91 సెంటీమీటర్లు.

ఇప్పుడతడు బారలు తగ్గించాలని నిశ్చయించుకొని, చేయి ముందుకు చాపిన ప్రతిసారీ కాసేపు అలాగే ఆగి జారసాగాడు. లెక్క 19కి దిగింది. అయితే ఒక్కో బారకు ఇప్పుడు 1.3 సెకన్లు పడుతున్నాయి. పొడవుకు 27.7 సెకన్లు, మొత్తం 27 నిమిషాల 42 సెకన్లు. మూడు బారలు తగ్గాయి, అర నిమిషం పోయింది.

ఇందుకు కారణం నీటి స్వభావంలోనే ఉన్నది. గాలి కంటే నీరు సుమారు 800 రెట్లు సాంద్రమైనది. చేయి లాగడం ఆగిన మరుక్షణం నుండి శరీర వేగం పడిపోవడం మొదలవుతుంది. పడిపోయిన వేగాన్ని తరువాతి బారతో మళ్లీ తెచ్చుకోవాలి. నీటి నిరోధం వేగానికి దాదాపు వర్గ నిష్పత్తిలో పెరుగుతుంది కనుక, ఒకే వేగంతో సాగే ఈత కంటే ఆగి ఆగి ఎగబాకే ఈతకు ఎక్కువ శక్తి ఖర్చవుతుంది. సగటు వేగం సమానంగా ఉన్నప్పటికీ ఇది తప్పదు. నగరపు రద్దీలో ఆగుతూ కదిలే వాహనానికి ఇంధనం ఎక్కువ కావడం వంటిదే ఇది.

గడియారాలు చూపే ‘స్వోల్ఫ్’ అనే అంకె ఈ చిక్కును దాచిపెడుతుంది. ఒక పొడవుకు పట్టిన సెకన్లను, వేసిన బారలను కలిపితే వచ్చేదే స్వోల్ఫ్; గోల్ఫ్ ఆటలో వలె ఇందులోనూ అంకె తగ్గితే మేలని భావిస్తారు. మన స్విమ్మర్‌కు మొదట వచ్చింది 27, 22 కలిపి 49. జారడం మొదలుపెట్టాక దాదాపు 47. గడియారం అభినందిస్తున్నది, కానీ మనిషి మునుపటి కంటే నెమ్మదిగా ఈదుతున్నాడు! అందుచేత సెకన్లను, బారలను విడివిడిగా చూడవలసిందే.

మరి బారలు నిజాయితీగా తగ్గే మార్గమేది? ఎక్కువమంది విషయంలో ఆ మార్గం చేయి నీటిలోనికి దిగే చోట మొదలవుతుంది. బార అంటే చేయి నీటిని వెనక్కి తోయడం కాదు, ముందున్న నీటిని పట్టుకొని శరీరాన్ని దానిని దాటించి ముందుకు తీసుకుపోవడం అని అనుభవజ్ఞులు చెబుతారు. ఆ పట్టు దొరకాలంటే చేయి సరైన చోట, సరైన తీరులో దిగాలి.

చేయి తలకు ముందుగా, ఇంచుమించు ముంజేతి పొడవు దూరంలో, భుజానికి సూటిగా ఉన్న గీతపై దిగాలి. మొదట వేళ్ల కొసలు, తరువాత మణికట్టు, ఆ పిదప మోచేయి ఒకే రంధ్రంలోనికి దూరినట్లుగా నీటిలో ప్రవేశించాలి. అరచేయి నేలవైపు చూడాలి. చేయి పూర్తిగా చాచడం నీటి లోపల జరగాలి, గాలిలో కాదు. చాచినప్పుడు వేళ్లు మణికట్టు కంటే కొంచెం దిగువన, మణికట్టు మోచేయి కంటే దిగువన ఉండాలి. అప్పుడు మోచేయి ఎత్తుగా నిలిచి, ముంజేయి, అరచేయి కలిసి ఒక తెడ్డువలె వెనుకకు తిరుగుతాయి.

తప్పులు జరిగే తీరు తెలుసుకుంటే ఈ వర్ణన మరింత స్పష్టమవుతుంది. బార పొడుగు పెంచాలనే ఆశతో చేతిని గాలిలోనే పూర్తిగా చాచి నీటిపై వేసేవారిని గమనించండి. అరచేయి చప్పున కొట్టుకుంటుంది. చేతి వెంట బుడగలు లోపలికి దిగుతాయి. బుడగలు నిండిన నీటిలో పట్టు దొరకదు. పైగా చివరి అంగుళం వరకు అందుకోవాలన్న తాపత్రయంలో వేళ్లు పైకి లేచి, అరచేయి ముందుకు తిరుగుతుంది. అది తెడ్డు కాదు, అడ్డు. అదే సమయంలో మోచేయి కిందికి జారుతుంది. మోచేయి జారిన తరువాత చేయి నీటిని వెనక్కి కాక కిందికి నొక్కుతుంది. తల, ఛాతీ పైకి లేస్తాయి, కాళ్లు మునుగుతాయి.

రెండవ తప్పు ఇంకా సాధారణమైనది: చేయి శరీర మధ్యరేఖను దాటి అవతలివైపు దిగడం. కుడిచేయి ఎడమ భుజం ముందు దిగితే తుంటి ఒకవైపు ఊగుతుంది. దానిని సరిచేయడానికి కాళ్లు కత్తెరలా విడిపోతాయి. పాము నడక వంటి ఈతలో కొలను పొడవు 25 మీటర్లే అయినా, స్విమ్మర్ ఈదే దారి పెరుగుతుంది. శ్వాస తీసుకునే సమయంలో ఈ లోపం ఎక్కువ. కుడివైపు తల తిప్పితే ఎడమచేయి మధ్యకు కొట్టుకుపోతుంది. ఈదేవారికి దీని స్పృహ ఉండదు. కొలను అడుగున ఉన్న నల్లని గీతకు సూటిగా పైన ఈదుతున్నప్పుడు చేయి ఆ గీతను దాటుతున్నదేమో చూసుకోవచ్చు. లేన్ చివర గట్టుపై నిలబడి ఎదురుగా ఎవరైనా ఫోనుతో వీడియో తీస్తే అనుమానం పూర్తిగా తీరుతుంది.

దిద్దుకునేటప్పుడు శరీరం అబద్ధం చెబుతుందని గుర్తుంచుకోవాలి. మధ్యకు వేయడం అలవాటైన చేయి భుజానికి సూటిగా దిగినప్పుడు, అది చాలా దూరంగా, వికారంగా దిగినట్లు అనిపిస్తుంది. అందుకే శిక్షకులు గడియారపు ముఖాన్ని ఊహించుకోమంటారు: తల 12 వద్ద ఉందనుకొని ఎడమచేతిని 10 వద్ద, కుడిచేతిని 2 వద్ద వేయమంటారు. అలా వేస్తున్నామనుకునేవారి చేతులు నిజానికి 11, 1 దగ్గర దిగుతాయి. కావలసింది అదే.

బొటనవేలు ముందుగా, అరచేయి బయటికి తిరిగి దిగే తీరును ఒకప్పుడు చాలాచోట్ల నేర్పేవారు. పెద్దవయసు శిక్షకులలో కొందరు నేటికీ అదే చెబుతారు. ఇందులో నష్టం వేగానికి మించినది. అలా దిగాలంటే భుజం లోపలివైపు తిరగాలి. చేయి పైకెత్తి ఉన్న స్థితిలో ఆ తిరుగుడు వల్ల భుజం కీలులోని స్నాయువు ఎముకల నడుమ నలుగుతుంది. పొడవుకు 20 బారల చొప్పున 1500 మీటర్లంటే 1200 బారలు. ఒక్కో భుజం 600 సార్లు అదే రాపిడికి గురవుతుంది. ఈత తరువాత భుజం ముందుభాగంలో నొప్పి మళ్లీ మళ్లీ వస్తుంటే దూరం తగ్గించి, చేయి దిగే తీరును చూపించుకోవాలి. నొప్పి తగ్గకపోతే వైద్యుని కలవాలి.

మన స్విమ్మర్ వద్దకు తిరిగి వద్దాం. అతడు జారడం మానివేసి, రెండు మూడు నెలలు చేయి దిగే చోటును మాత్రమే దిద్దుకున్నాడనుకుందాం. 22 బారలు 20కి వచ్చాయి. ఒక్కో బారకు 1.15 సెకన్లు, అంటే లయ దాదాపు మునుపటిదే. పొడవుకు 26 సెకన్లు, 1500 మీటర్లకు సరిగ్గా 26 నిమిషాలు. మొదటి ఈత కంటే 72 సెకన్లు తక్కువ, 120 బారలు తక్కువ. ఒక్కో బారకు ఒక మీటరు సాగుతున్నాడు. 19 బారల ఈత కంటే అంకె ఒకటి ఎక్కువే, అయినా ఒక నిమిషం 42 సెకన్లు ముందున్నాడు. ఈ అంకెలు ఒక నమూనా మాత్రమే. ఎవరికి వారు తమ కొలనులో లెక్కించుకోవలసినవి.

లెక్కించే తీరులోనూ నియమం ఉండాలి. ప్రతి చేయి దిగడాన్ని ఒకటిగా లెక్కించాలి. గోడను తన్నే దూరం ప్రతిసారీ ఒకేలా ఉండాలి. ఒక మీటరు ఎక్కువ జారితే ఒక బార దానంతటదే తగ్గుతుంది, అది మెరుగుదల కాదు. తాజాగా ఉన్న మొదటి పొడవులో లెక్కకు పెద్దగా విలువ లేదు. 100 మీటర్ల చొప్పున పదిసార్లు, మధ్యలో 15 సెకన్ల విరామంతో ఈది, ప్రతి వందలో చివరి పొడవును లెక్కించాలి. మొదటి వందలో 20 ఉన్నది ఎనిమిదవ వందకు 23 అయితే, అలసటతో చేయి ఎక్కడో తప్పుతున్నదని అర్థం. ఏడవ వంద వరకు నిలిచిన తీరు ఎనిమిదవ వందలో ఎలా మారిందో వీడియోలో చూస్తే కారణం తెలుస్తుంది. దూరపు ఈతలో గెలుపోటములు తేలేది ఆ భాగంలోనే.

అందరికీ వర్తించే ఆదర్శ సంఖ్య అంటూ లేదు. సున్ యాంగ్ ఎత్తు 1.98 మీటర్లు, ఆ చేతుల పొడవుకు తగిన లెక్కను అయిదున్నర అడుగుల మనిషి అనుకరించడం వృథా ప్రయాస. అమెరికా స్విమ్మర్ జానెట్ ఎవాన్స్ పొట్టిగా, సన్నగా ఉండేది. మోచేయి పెద్దగా వంచకుండా గాలిమర వలె చేతులు తిప్పుతూ వేగంగా బారలు వేసేది. 1989లో టోక్యోలో ఆమె 800 మీటర్లను 8 నిమిషాల 16.22 సెకన్లలో ఈది నెలకొల్పిన రికార్డు 2008 వరకు చెక్కుచెదరలేదు. గాలిలో ఆ చేతులు పాఠ్యపుస్తకానికి విరుద్ధంగా కదిలినా, నీటి లోపల పట్టు మాత్రం గట్టిది.

సముద్రంలో, నదిలో ఈదేవారికి లెక్క మరోలా ఉంటుంది. అక్కడ గోడ లేదు. అలలు చాచిన చేతిని తోసివేస్తాయి. ఆగి జారేవారి వేగాన్ని ఒక్క అల మింగేస్తుంది. అందుచేత బహిరంగ జలాలలో కొలనులో కంటే కొంచెం పొట్టి బారలు, కొంచెం చురుకైన లయ అనుకూలిస్తాయి. నిమిషానికి ఎన్ని బారలు పడుతున్నాయో లెక్కించడమే అక్కడ ఉపయోగకరం. చేయి దిగే చోటు మాత్రం మారదు; ఎదురు అలలున్నప్పుడు గాలిలో చేతిని కాస్త ఎత్తుగా తెచ్చి, అదే భుజం గీతపై దించితే సరిపోతుంది.