లాభం ఉంది, మరి జీతాలకు డబ్బేదీ?

చర్లపల్లి, జీడిమెట్ల లాంటి పారిశ్రామికవాడల్లో చిన్న యూనిట్లు నడిపేవారిని కదిలిస్తే చాలు, ఒక మాట వినిపిస్తుంది: "ఆర్డర్లకేం కొదవ లేదండీ, డబ్బే తిరగట్లేదు." ఆడిటరేమో లాభం వచ్చింది, పన్ను కట్టమంటాడు. యజమానేమో ఒకటో తారీఖు జీతాల కోసం చేబదులు వెతుక్కుంటుంటాడు. ఇద్దరూ చెప్పేది నిజమే.

సరుకు పంపి బిల్లు రాయగానే పుస్తకాల్లో అమ్మకం పడిపోతుంది. అందులోంచి దానికైన ఖర్చు తీసేస్తే మిగిలేదే లాభం. కొన్నవాడు డబ్బు ఎప్పుడిస్తాడన్నది ఆ లెక్కకు పట్టదు. బ్యాంకు ఖాతాకు పట్టేదల్లా అదే.

ఒక ఉదాహరణ వేసుకుందాం. గోదాములకు స్టీలు ర్యాకులు చేసే షెడ్డు ఒకటుంది. నెలకు 10 లక్షల అమ్మకం. స్టీలుకు 6 లక్షలు, కూలి, కరెంటు, అద్దె కలిపి 2.5 లక్షలు పోగా లాభం 1.5 లక్షలు. ఖర్చంతా ఆ నెలలోనే చెల్లించాలి. కస్టమర్లు మాత్రం 60 రోజులకు ఇస్తారు. ఈ పద్ధతి కుదురుకున్నాక ఇబ్బందేమీ లేదు. రెండు నెలల కిందటి బిల్లుల డబ్బు 10 లక్షలు వస్తుంది, 8.5 లక్షలు పోతుంది.

జూన్‌లో పెద్ద కంపెనీ ఆర్డరు తగిలి అమ్మకం 20 లక్షలకు ఎగబాకిందనుకోండి. ఖర్చు కూడా రెట్టింపై 17 లక్షలయింది. ఆ నెల చేతికొచ్చేది ఏప్రిల్ బిల్లుల 10 లక్షలే. అంటే 7 లక్షలు తక్కువ. జూలైలోనూ అంతే, మరో 7 లక్షలు తక్కువ. పుస్తకాల్లో ఆ రెండు నెలల లాభం 6 లక్షలు, చేతిలో లోటు 14 లక్షలు. ఆగస్టులో జూన్ బిల్లుల డబ్బు వస్తేగానీ ఊపిరాడదు. అప్పటి నుంచి నెలకు 3 లక్షలు మిగులుతుంది గనుక, ఆ గొయ్యి పూడటానికి అయిదు నెలలు పడుతుంది. ఈలోగా అమ్మకం మళ్లీ పెరిగితే గొయ్యి ఇంకా లోతవుతుంది. వ్యాపారం బాగా సాగుతున్నప్పుడే దివాలా అంచుకు చేరడం ఇలాగే.

ఇది జీఎస్టీ కలపకుండా వేసిన లెక్క. ర్యాకుల మీద 18 శాతం చొప్పున జూన్ అమ్మకాలకు పన్ను 3.6 లక్షలు. స్టీలు కొన్నప్పుడు కట్టిన 2.16 లక్షలు మినహాయిస్తే, ప్రభుత్వానికి 1.44 లక్షలు కట్టాలి. నెలనెలా రిటర్ను వేసేవారికి గడువు జూలై 20. కస్టమరు ఆ పన్ను మనకిచ్చేది ఆగస్టులో! ఇక మెషీను లోను సంగతి. కిస్తీలో వడ్డీ ఒక్కటే ఖర్చు కింద రాస్తారు. అసలు కట్టిన భాగం లాభాన్ని తగ్గించదు, ఖాతాను మాత్రం ఖాళీ చేస్తుంది.

జబ్బు ముదురుతోందని ఎలా తెలుస్తుంది? రావాల్సిన బాకీని రోజువారీ సగటు అమ్మకంతో భాగించి చూడాలి. 20 లక్షల నెలవారీ అమ్మకానికి 40 లక్షల బాకీ ఉంటే 60 రోజులు. అదే 50 లక్షలైతే 75 రోజులు. అమ్మకం పెరగకుండా ఈ రోజులు పెరుగుతున్నాయంటే, మీ డబ్బుతో కస్టమరు వ్యాపారం చేసుకుంటున్నాడన్నమాట. దీంతోపాటు రాబోయే 13 వారాల్లో ఏ వారం ఎంత వస్తుంది, ఎంత పోతుంది అన్నది ఒక కాగితం మీద రాసుకోవాలి. ఇస్తామన్న తేదీ కాదు, ఆ కస్టమరు ఇదివరకు ఎన్నాళ్లకు ఇచ్చాడో చూసి వేయాలి.

చట్టం కూడా కొంత అండగా ఉంది. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న సూక్ష్మ, చిన్న తయారీ యూనిట్లకు, ఒప్పందంలో ఎన్ని రోజులు రాసుకున్నా, 45 రోజులు దాటకుండా చెల్లించాలని 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం చెబుతోంది. ఆలస్యమైతే ఆర్‌బీఐ బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ. కానీ సగానికి సగం ఆర్డర్లిచ్చే కంపెనీకి నోటీసు పంపే ధైర్యం ఎంతమందికి ఉంటుంది? అంతకంటే పనికొచ్చేది ట్రెడ్స్. పెద్ద కంపెనీ ఒప్పుకున్న బిల్లును ఆర్‌బీఐ అనుమతి ఉన్న ఈ ఆన్‌లైన్ వేదికల్లో పెడితే, బ్యాంకులు కొంత తగ్గించుకుని ముందే డబ్బిస్తాయి. గడువుకు కంపెనీ కట్టకపోయినా ఆ భారం మన మీదకు రాదు.

అన్నిటికన్నా చవకైన మందు అడ్వాన్సు. మన షెడ్డు యజమాని జూన్ నుంచి ప్రతి ఆర్డరుకూ అదే నెలలో 30 శాతం ముందే తీసుకున్నాడనుకుందాం. నెలకు 6 లక్షలు అదనంగా చేతికొస్తుంది. లోటు 14 లక్షల నుంచి 2 లక్షలకు దిగుతుంది. అందుకే ఆర్డరు పెద్దదైతే ధర దగ్గర కాస్త తగ్గినా ఫర్వాలేదు, అడ్వాన్సు దగ్గర మాత్రం తగ్గకండి.