వార్తల్లో పదం: ఏజింగ్ రిపోర్ట్

చిన్న పరిశ్రమలకు బకాయిలు 45 రోజుల్లో చెల్లించాలన్న నిబంధన చర్చకు వచ్చినప్పుడల్లా ఈ మాట వినిపిస్తుంది. ఖాతాదారుల నుంచి రావాల్సిన సొమ్మును, బిల్లు ఎంత పాతదన్న లెక్కన విడదీసి చూపే పట్టికే ఏజింగ్ రిపోర్ట్. సాధారణంగా 0–30, 31–60, 61–90, 90 రోజులు పైబడినవి అని నాలుగు గడులుంటాయి.

నెలనెలా బిల్లులు వేసే ఒక ప్రింటింగ్ ప్రెస్‌కు 2,40,000 రూపాయలు రావాలనుకుందాం. మొత్తం చూస్తే నిబ్బరంగానే ఉంటుంది. విడదీస్తే, 90 రోజులు దాటినవి 40,000 అనీ, అదంతా ఒక్కరి బాకీయేననీ తేలుతుంది. ఆయనకే ఈ నెల కూడా అప్పు మీద పని చేసి పెడుతుంటే ముందు ఆపాల్సింది అదే.

రోజులు ఎప్పటి నుంచి లెక్కిస్తున్నారో చూసుకోవాలి. జూన్ 15న 30 రోజుల గడువుతో వేసిన బిల్లు, జూలై 31 నాటికి బిల్లు తేదీ ప్రకారం 46 రోజుల పాతది. గడువు తేదీ ప్రకారమైతే ఆలస్యం 16 రోజులే. రెండూ కలిపితే పట్టిక తప్పుదారి పట్టిస్తుంది.

ఇంకో చిక్కు ఎక్కువగా కనిపిస్తుంది. ఖాతాదారు ఒకేసారి పంపిన సొమ్మును ఏ బిల్లుకు చెందిందో ఆ బిల్లుకు జమకట్టకపోతే, తీరిన బిల్లు కూడా పాత బాకీగానే నిలుస్తుంది. ఒకే పేరు కింద పాత బాకీతో పాటు మైనస్ అంకె కూడా ఉంటే అనుమానించాల్సింది దీన్నే.

2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉన్నా గడువు 45 రోజులు మించకూడదు. ఆ లెక్క కొనుగోలుదారు సరుకును లేదా సేవను అంగీకరించిన రోజు నుంచి నడుస్తుంది కాబట్టి, ఆ తేదీకి పట్టికలో విడిగా ఒక గడి ఉంచుకోవడం మేలు.