బీపీ తగ్గడం లేదా? గ్లాసులో పొంగే మాత్రను కూడా లెక్కలో వేయండి

మా బరంపురం తెలుగు సంఘంలో నెలకోసారి బీపీ చూసే కార్యక్రమం పెడుతున్నాం. ఒక డాక్టరుగారు వచ్చి కూర్చుంటారు, నేను పుస్తకంలో అంకెలు రాస్తాను. ఆ పుస్తకంలో ఒకాయన పేరు ఎదురుగా చాలాకాలం 130/80 దగ్గరలోనే అంకెలు ఉండేవి. వయసు 68, రోజూ రెండు బీపీ మాత్రలు క్రమం తప్పకుండా వేసుకుంటారు. ఒక నెల 148/88 వచ్చింది, తరువాతి నెల 156/92 వచ్చింది. డాక్టరుగారు ముందుగా ఉప్పు గురించి అడిగారు. ఆయనకు కోపం వచ్చింది. "ఆవకాయ మానేశానండీ, అప్పడం మానేశాను, ఎండు చేప ఇంట్లోకి రానివ్వడం లేదు. ఇంకేం మానమంటారు?" అన్నారు.

మూడో బీపీ మాత్ర రాయబోతూ డాక్టరుగారు మరో ప్రశ్న వేశారు. "బీపీ మందులు కాకుండా ఇంకేమేం వేసుకుంటున్నారు? షాపులో కొన్నవి, ఇంట్లో ఉన్నవి, అన్నీ చెప్పండి" అన్నారు. అప్పుడు రెండు సంగతులు బయటపడ్డాయి. మోకాళ్ళ నొప్పికి, లండన్లో ఉండే కొడుకు తెచ్చి ఇచ్చిన నీళ్ళలో పొంగే పారాసిటమాల్ మాత్రలు పొద్దున రెండు, రాత్రి రెండు వేసుకుంటున్నారు. రాత్రి భోజనం అయ్యాక కడుపు ఉబ్బరానికి ఫ్రూట్ సాల్ట్ ప్యాకెట్ ఒకటి నీళ్ళలో కలుపుకుని తాగుతున్నారు. ఈ రెండూ మొదలుపెట్టి మూడు నెలలు అయింది. బీపీ పెరగడం మొదలైందీ అప్పుడే.

పొంగడానికీ ఉప్పుకీ ఏమిటి సంబంధం?

మాత్ర నీళ్ళలో వేయగానే బుడగలు రావాలంటే అందులో రెండు పదార్థాలు ఉండాలి. ఒకటి సిట్రిక్ యాసిడ్, అంటే నిమ్మ ఉప్పు. రెండోది సోడియం బైకార్బొనేట్, అంటే మన వంటింటి సోడా ఉప్పు. నీళ్ళు తగలగానే రెండూ కలిసి కార్బన్ డయాక్సైడ్ వాయువును విడుదల చేస్తాయి. ఆ వాయువు బుడగలుగా పైకి పోతుంది. సోడియం మాత్రం ఎక్కడికీ పోదు. అది సోడియం సిట్రేటుగా మారి గ్లాసులోనే ఉండిపోతుంది, మనం దాన్ని తాగేస్తాం. పులుపు, తీపి, నిమ్మ వాసన ఉంటాయి కాబట్టి నాలుకకు ఉప్పగా తోచదు. అందుకే ఆవకాయ మానేసిన మనిషికి కూడా దీని మీద అనుమానం రాదు.

ఒంట్లో సోడియం పెరిగితే దానితోపాటు నీరు కూడా నిలుస్తుంది. రక్తనాళాల్లో తిరిగే ద్రవం ఎక్కువై ఒత్తిడి పెరుగుతుంది. కుర్రవాళ్ళ మూత్రపిండాలు ఆ ఎక్కువను తొందరగా బయటికి పంపేస్తాయి. వయసు మళ్ళినవారిలో, ముందే బీపీ ఉన్నవారిలో, కిడ్నీ లేదా గుండె బలహీనంగా ఉన్నవారిలో ఆ పని నిదానంగా జరుగుతుంది.

పద్దు వేసి చూద్దాం

ఆ పెద్దాయన లెక్క నేనే కాగితం మీద వేశాను. లండన్ మాత్రల పెట్టెలో ఉన్న కాగితంలో ఒక్కో మాత్రలో ఎంత సోడియం ఉందో అచ్చు వేసి ఉంది. 500 మిల్లీగ్రాముల పారాసిటమాల్ ఉన్న ఇలాంటి మాత్రలో సోడియం సుమారు 430 మిల్లీగ్రాములు ఉంటుంది. రోజుకు నాలుగు మాత్రలంటే 1,720 మిల్లీగ్రాములు.

ఫ్రూట్ సాల్ట్ ప్యాకెట్ మీద సోడియం ఎంతో రాసి లేదు కానీ, 5 గ్రాముల పొడిలో సోడా ఉప్పు సుమారు 2.3 గ్రాములు ఉందని తెలిసింది. సోడా ఉప్పు బరువులో నాలుగో వంతు కంటే కాస్త ఎక్కువ సోడియమే. ఆ లెక్కన ప్యాకెట్టుకు సుమారు 630 మిల్లీగ్రాములు.

రెండూ కలిపితే రోజుకు 2,350 మిల్లీగ్రాములు. అంటే దాదాపు 6 గ్రాముల వంటుప్పులో ఉండే సోడియం, ఒక చెంచా నిండుగా. పెద్దవాళ్ళు రోజు మొత్తం మీద 2,000 మిల్లీగ్రాముల కంటే తక్కువ సోడియం తీసుకోవాలని, అంటే 5 గ్రాముల కంటే తక్కువ ఉప్పు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అన్నం, కూర, చారు ముట్టకముందే ఆయన ఆ హద్దు దాటేశారు.

డాక్టరుగారు మూడో మాత్ర రాయలేదు. పొంగే మాత్ర బదులు మింగే మామూలు పారాసిటమాల్ బిళ్ళ, అదీ నొప్పి ఎక్కువగా ఉన్న రోజునే వేసుకోమన్నారు. ఫ్రూట్ సాల్ట్ ఆపి, రాత్రి భోజనం రెండు గంటలు ముందుకు జరపమన్నారు. నాలుగు వారాల తరువాత మా పుస్తకంలో 134/82 అని రాశాను.

పెద్ద లెక్కలు ఏమంటున్నాయి?

ఇది ఒక్క మనిషి సంగతి కాదు. 2013లో బ్రిటన్ పరిశోధకులు 12 లక్షలకు పైగా రోగుల రికార్డులు పరిశీలించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక వ్యాసం రాశారు. సోడియం ఉన్న పొంగే మాత్రలు, నీళ్ళలో కరిగే మాత్రలు వాడినవారిలో బీపీ రావడం, సోడియం లేని అవే మందులు వాడినవారితో పోలిస్తే, చాలా ఎక్కువగా కనిపించింది. పక్షవాతం కూడా కొంత ఎక్కువగా కనిపించింది. ఇవి రికార్డులు చూసి వేసిన లెక్కలే గాని, మనుషులకు మందు ఇచ్చి చేసిన ప్రయోగం కాదు. సోడా ఉప్పు రూపంలో సోడియం వంటుప్పు అంతగా బీపీని పెంచదని చెప్పిన చిన్న ప్రయోగాలు కూడా ఉన్నాయి. కాబట్టి ప్రతి మనిషికీ ఒకే మోతాదులో పెరుగుతుందని అనుకోకూడదు. మన ఒంటికి ఎంత తేడా వస్తుందో బీపీ మిషనే చెప్పాలి.

మామూలు పారాసిటమాల్ బిళ్ళ కూడా పూర్తిగా నిర్దోషి కాదు. 2022లో ఎడిన్‌బరోలో బీపీ ఉన్నవారికి రోజుకు 4 గ్రాముల చొప్పున రెండు వారాలు ఇచ్చి చూస్తే పై అంకె సుమారు 5 పెరిగింది. అప్పుడో ఇప్పుడో ఒక బిళ్ళకు భయం లేదు. రోజూ, నెలల తరబడి అయితే డాక్టరుకు చెప్పాలి.

సిరప్పులన్నీ ఒకటి కావు

ఎక్కువ జాగ్రత్త పడాల్సింది మూత్రంలో మంటకు ఇచ్చే సిరప్ విషయంలో. దీన్ని చాలామంది చీటీ లేకుండానే కొంటారు. ఇందులో డైసోడియం హైడ్రోజన్ సిట్రేట్ అనే మందు ఉంటుంది. చాలా కంపెనీల సీసాల్లో 5 మిల్లీలీటర్లకు సుమారు 1.4 గ్రాములు ఉంటుంది. దాన్నుంచి వచ్చే సోడియం సుమారు 250 మిల్లీగ్రాములు. మూడు చెంచాల చొప్పున, అంటే 15 మిల్లీలీటర్లు, రోజుకు మూడుసార్లు తాగితే 2,250 మిల్లీగ్రాములు అవుతుంది. రెండు మూడు రోజులకు రాసినదాన్ని నెల రోజులు తాగితే చిక్కు. ఇందుకు బదులు పొటాషియం సిట్రేట్ సిరప్ సొంతంగా కొనుక్కోవద్దు. కిడ్నీ తక్కువగా పనిచేస్తున్నవారికి, టెల్మిసార్టాన్, రామిప్రిల్ వంటి బీపీ మందులు వాడేవారికి రక్తంలో పొటాషియం ప్రమాదకరంగా పెరగవచ్చు.

పులితేన్పులకు, గుండెల్లో మంటకు ఇచ్చే సోడియం ఆల్జినేట్ మందుల్లో 10 మిల్లీలీటర్లకు సుమారు 140 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. ఒకసారికి పెద్ద లెక్క కాదు, రోజుకు నాలుగుసార్లు తాగితే లెక్కే. అల్యూమినియం, మెగ్నీషియం హైడ్రాక్సైడ్ ఉన్న గులాబీ, తెలుపు రంగు జెల్ మందుల్లో మామూలుగా సోడియం తక్కువ. అయితే కిడ్నీ జబ్బు ఉన్నవారు వాటినీ డాక్టరును అడిగే వాడాలి. దగ్గు సిరప్పుల్లో సోడియం సిట్రేట్ అని రాసి ఉన్నా చెంచాకు వచ్చేది సాధారణంగా పది పదిహేను మిల్లీగ్రాములే. ఆ పేరు చూసి కంగారు పడనక్కర్లేదు.

లేబులు మీద ఏం చూడాలి?

మన ఇళ్ళలో పెద్దవాళ్ళు తెలుగు చదువుతారు, లేబులు మీద ఉండేది ఇంగ్లీషు, హిందీ. అందుకని మా సంఘంలో పిల్లలకు ఈ పని అప్పగించాం. ఇంట్లో మందుల డబ్బా తీసి, ఎస్-ఓ-డి-ఐ-యు-ఎం అనే ఆరు అక్షరాలు ఎక్కడున్నాయో చూడమన్నాం. ఫ్రూట్ సాల్ట్ ప్యాకెట్ల మీద ఆ మాట కనబడకపోవచ్చు. అవి ఆయుర్వేద మందులుగా అమ్ముతారు కాబట్టి సోడా ఉప్పును స్వర్జిక్షార అనే సంస్కృతం పేరుతో రాస్తారు. రెండూ ఒకటే.

మరో చిక్కు ఉంది. పొంగే మాత్రల స్ట్రిప్ మీద అసలు మందు పేరే పెద్దగా ఉంటుంది, సోడా ఉప్పు పేరు ఉండకపోవచ్చు. ఎఫర్వెసెంట్ అని రాసి ఉంటే చాలు, సోడియం ఉన్నట్టే అనుకుని మందుల షాపులో అడగండి. నొప్పి మాత్ర అయినా, విటమిన్ సి మాత్ర అయినా, కఫానికి రాసే మాత్ర అయినా అంతే. మింగే రకం దొరుకుతుందా అని అడిగితే చాలాసార్లు దొరుకుతుంది.

మీ విషయంలో తేడా తెలుసుకోవాలంటే పొంగే మందు ఆపకముందు ఏడు రోజులు, ఆపాక మూడో వారం నుంచి మళ్ళీ ఏడు రోజులు బీపీ రాసుకోండి. ఐదు నిమిషాలు కదలకుండా కూర్చుని, పొద్దున రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు చూడండి. ఆ కాగితం డాక్టరుకు చూపించండి. చీలమండల వాపు, చెప్పులు బిగుసుకోవడం, రెండు మూడు రోజుల్లో బరువు పెరగడం కనబడితే ఏడు రోజులు ఆగకండి, వెంటనే చూపించుకోండి.

రెండు విషయాలు మరువకండి. కిడ్నీ జబ్బు ఉన్నవారికి డాక్టర్లు కొన్నిసార్లు సోడియం బైకార్బొనేట్ మాత్రలే మందుగా రాస్తారు. ఇది చదివి వాటిని సొంతంగా ఆపవద్దు. అలాగే ఛాతీ బరువు, చెమటలు, ఎడమ చేతికి లాగడం ఉంటే గ్యాస్ అనుకుని ఫ్రూట్ సాల్ట్ తాగుతూ కూర్చోవద్దు, ఆసుపత్రికి వెళ్ళండి.

ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు చీటీ మందులతోపాటు షాపులో కొన్న ప్యాకెట్లు, సీసాలు కూడా సంచిలో వేసుకుని వెళ్ళండి. మా పెద్దాయన సంచిలో అవి మొదటి నెలలోనే ఉండి ఉంటే, 156 అనే అంకె నేను రాయాల్సి వచ్చేది కాదేమో.