అరవై మీటర్లలో దాగిన రెండు పరుగులు

ఇద్దరు అమ్మాయిలు అరవై మీటర్లు పరిగెత్తారనుకుందాం. ఇద్దరికీ 8.60 సెకన్లే పట్టింది. నోటుబుక్కులో రెండు పేర్ల ఎదురుగా ఒకే అంకె పడింది. 60ని 8.60తో భాగిస్తే సెకనుకు 6.98 మీటర్ల వేగం వస్తుంది. కానీ ఆ వేగంతో ఇద్దరిలో ఎవరూ నిలకడగా పరిగెత్తలేదు. నిలుచున్న చోటినుంచి వేగం పుంజుకుంటూ, దారిలో ఎక్కడో ఒక్క క్షణం ఆ 6.98ని దాటుకుని పైకి వెళ్లిపోయారు, అంతే. ఆ సగటు చూసి శిక్షణ మొదలుపెడితే ఇద్దరిలో ఒకరికైనా అన్యాయం జరుగుతుంది.

అందుకే పరుగును ముక్కలు చేసి కొలవాలి. ఇరవై, నలభై, అరవై మీటర్ల దగ్గర మూడు గుర్తులు చాలు. మొదటి అమ్మాయికి మొదటి ఇరవైకి 3.56, తర్వాతి ఇరవైకి 2.54, చివరి ఇరవైకి 2.50 సెకన్లు వచ్చాయనుకోండి. రెండో అమ్మాయికి వరుసగా 3.76, 2.46, 2.38 వచ్చాయి. ఈ అంకెలు లెక్క కోసం నేను వేసుకున్నవే. అయినా బడిలో పరిగెత్తే పిల్లల నుంచి ఇలాంటివే వస్తాయి. ఇప్పుడు చివరి ఇరవైని చూడండి. మొదటి అమ్మాయి అక్కడ సెకనుకు 8.00 మీటర్ల వేగంతో, రెండో అమ్మాయి 8.40 మీటర్ల వేగంతో ఉన్నారు. మొదటి అమ్మాయి ముందుగా అందుకుంది, రెండో అమ్మాయి ఆలస్యంగా అందుకున్నా ఇంకా పైకి వెళ్లింది. గీత దగ్గరికి వచ్చేసరికి ఇద్దరూ సమానమయ్యారు.

ఇక్కడ ఒక చిన్న తీసివేత ఉంది, నాకు చాలా ఇష్టమైనది. రెండో అమ్మాయి మొదటి అడుగు నుంచే 8.40 వేగంతో ఉండగలిగితే అరవై మీటర్లకు 7.14 సెకన్లు పట్టేది. నిజంగా పట్టినవి 8.60. తేడా 1.46 సెకన్లు. అది వేగం పుంజుకోవడానికి ఆమె చెల్లించిన మూల్యం. మొదటి అమ్మాయికి ఆ లెక్క 7.50 దగ్గర ఆగుతుంది కాబట్టి మూల్యం 1.10 సెకన్లే. ఇలా ఒకే పరుగులోంచి పై వేగం, దాన్ని అందుకోవడానికి పోయిన సమయం అని రెండు వేర్వేరు అంకెలు బయటికొస్తాయి.

అయితే రెండో అంకెను ఒంటరిగా చదివితే పొరపాటు పడతాం. 2009లో బెర్లిన్‌లో ఉసేన్ బోల్ట్ వంద మీటర్లను 9.58 సెకన్లలో పరిగెత్తినప్పుడు ఇరవై ఇరవై మీటర్లకు వచ్చిన సమయాలు 2.89, 1.75, 1.67, 1.61, 1.66. అరవై మీటర్ల గుర్తు దాటేసరికి 6.31. తుపాకి పేలాక కదలడానికి పట్టిన 0.146 సెకనును తీసేస్తే 6.16. అరవై నుంచి ఎనభై వరకు ఆయన వేగం సెకనుకు 12.42 మీటర్లు. ఆ వేగంతోనైతే అరవై మీటర్లకు 4.83 సెకన్లు చాలు. అంటే బోల్ట్ చెల్లించిన మూల్యం దాదాపు 1.33 సెకన్లు, మన మొదటి అమ్మాయి కంటే ఎక్కువ! ఆమె బోల్ట్ కంటే బాగా పుంజుకుంటుందని దీని అర్థం కాదు. ఎక్కాల్సిన మెట్టు ఎత్తుగా ఉంటే ఎక్కడానికి ఎక్కువ సేపు పడుతుంది. కాబట్టి ఈ మూల్యాన్ని మొదటి ఇరవై మీటర్ల సమయంతో పక్కపక్కన పెట్టి చదవాలి. అందులో మొదటి అమ్మాయి 3.56తో రెండో అమ్మాయిని ఐదో వంతు సెకను మించింది. ఆ ఇద్దరి మధ్య తేడా అదీ.

బోల్ట్ అంకెల్లో మరో సంగతి ఉంది. నలభై నుంచి అరవై మధ్య ఆయన వేగం 11.98, అంటే అరవై దగ్గర కూడా ఆయన ఇంకా పుంజుకుంటూనే ఉన్నాడు. ఆ స్థాయి పరుగు వీరుల పై వేగం అరవై మీటర్ల పరుగులో పూర్తిగా కనబడదు. కొత్తగా పరిగెత్తేవారు సాధారణంగా ముందే తమ పై వేగానికి చేరుకుంటారు. మన రెండో అమ్మాయికి మాత్రం అనుమానం మిగిలే ఉంది. ఆమె చివరి ఇరవైని పది పదిగా విడగొట్టి, యాభై నుంచి అరవై ముక్క దాని ముందుదానికంటే ఇంకా వేగంగా ఉంటే పై వేగం ఇంకా రాలేదన్నమాట. అప్పుడు 8.40ని ఆమె హద్దుగా రాసుకోకూడదు.

ఇక కొలవడం. చేతి స్టాప్‌వాచ్ మొత్తం పరుగుకు ఎలాగో సరిపోవచ్చు కానీ ముక్కలకు పనికిరాదు. పది మీటర్లకు 1.20 సెకన్లు పట్టేచోట వేలు పదో వంతు సెకను తడబడితే, 8.33గా రావాల్సిన వేగం 7.7 కావచ్చు, 9.1 కావచ్చు. సెకనుకు 240 ఫ్రేములు తీసే స్లో మోషన్ ఫోన్ ఉంటే ఒక ఫ్రేము 0.004 సెకను. మామూలు వీడియోలో సెకనుకు 30 ఫ్రేములే కాబట్టి ఒక ఫ్రేము తప్పే 0.033 సెకను అవుతుంది.

ఫోన్‌ను ట్రైపాడ్ మీద, లేన్‌కు ఇరవై మీటర్ల దూరంలో, ముప్పై మీటర్ల గుర్తుకు ఎదురుగా నిలపాలి. ఉన్నచోటునుంచి జరగకుండా తలమాత్రం తిప్పుతూ పరుగును అనుసరించాలి. చాలామంది పొరబడేది కర్రలు నాటేచోట. కర్రను పరుగు గీత మీద నాటలేం కాబట్టి ఒక మీటరు ఇవతల, కెమెరా వైపు నాటుతాం. అలాంటప్పుడు అరవై గుర్తుకు సరిగ్గా ఎదురుగా నాటిన కర్ర కెమెరాకు 61.58 మీటర్ల దగ్గరుండే అమ్మాయితో కలుస్తుంది. నలభై కర్ర 40.53తో కలుస్తుంది. ఇరవై మీటర్లనుకున్నది నిజానికి ఇరవై ఒక్క మీటర్లన్నమాట. 8.40తో పరిగెత్తిన పిల్ల 8.0గా నమోదవుతుంది, అంటే రెండో అమ్మాయి కాస్తా మొదటి అమ్మాయిలా కనిపిస్తుంది! కర్రలను మధ్యకు జరిపితే ఇది సరిపోతుంది. సున్నా గుర్తు కర్రను 1.5 దగ్గర, ఇరవైదాన్ని 20.5 దగ్గర, నలభైదాన్ని 39.5 దగ్గర, అరవైదాన్ని 58.5 దగ్గర నాటాలి. ఆపైన చెయ్యి, మోకాలు కాక నడుము కర్ర దాటిన ఫ్రేమునే ప్రతిసారీ లెక్కించాలి.

మొదలు ఎక్కడ లెక్కిస్తామన్నదీ ముఖ్యమే. మన అమ్మాయిల గడియారం శరీరం మొదట కదిలిన ఫ్రేము దగ్గర మొదలైంది. పోటీల్లో అది తుపాకితో మొదలవుతుంది. క్రిస్టియన్ కోల్‌మన్ 2018లో నెలకొల్పిన 6.34 సెకన్ల ప్రపంచ రికార్డులో ఆయన స్పందించడానికి పట్టిన సమయం కూడా కలిసే ఉంది. ఒకరోజు ఇలా, మరోరోజు అలా కొలిస్తే మొదటి ముక్క పూర్తిగా పాడవుతుంది. చివరి ముక్కకు మాత్రం ఆ మచ్చ అంటదు, ఎందుకంటే అది రెండు కర్రల మధ్య తేడా మాత్రమే. అందుకే మొదలు గురించి నమ్మకం లేనిరోజున కూడా పై వేగం అంకెను నిశ్చింతగా రాసుకోవచ్చు. ఒకటి చూసుకోవాలి, పిల్లలు గీత కనబడగానే నెమ్మదిస్తారు. అరవై ఐదు దగ్గర ఒక కోన్ పెట్టి అక్కడిదాకా పరిగెత్తమనాలి.

నాలుగు వారాల తర్వాత రెండో అమ్మాయిని మళ్లీ పరిగెత్తించి 2.38 స్థానంలో 2.36 వస్తే సంబరపడే ముందు, మొదటి రోజునే ఆమెను పూర్తి విశ్రాంతి ఇస్తూ మూడుసార్లు పరిగెత్తించి ఉండాల్సింది. ఆ మూడింట్లోనే 2.36, 2.38, 2.41 వచ్చి ఉంటే ఈ కొత్త 2.36 ఏమీ చెప్పడం లేదు. ఈసారి 2.30 వచ్చి, ఎదురుగాలో వెన్నుగాలో కూడా మారలేదంటే ఆమె పై వేగం సెకనుకు 8.70 మీటర్లకు పెరిగింది.