తాళం పగలకపోతే పరిహారం రాదా?

ఇంటి దొంగతనం పాలసీల్లో చాలావాటికి పోయిన సొత్తు ఒక్కటే చాలదు. దొంగ బలప్రయోగంతో లోపలికి వచ్చి ఉండాలి. 2004లో యునైటెడ్ ఇండియా ఇన్సూరెన్స్, హర్‌చంద్ రాయ్ చందన్‌లాల్ కేసులో సుప్రీంకోర్టు ఈ షరతును ఉన్నదున్నట్టే చదవాలని చెప్పింది. అది వ్యాపారి సరుకు కేసే అయినా, ఇళ్ల పాలసీల్లోనూ దాదాపు అవే మాటలుంటాయి.

ఊరెళ్లి వచ్చేసరికి బీరువాలో నగలు లేవనుకుందాం. వీధి తలుపు గడియ వంగి, చట్రం చీలి ఉంటే క్లెయిముకు ఆధారం దొరికినట్టే. దొంగ మారుతాళంతో తెరిస్తే గీత కూడా మిగలదు, చిక్కంతా అక్కడే. పనిమనిషి తీసిందన్న అనుమానానికైతే వేరే రక్షణ ఉండాలి.

అందుకే సర్వేయర్ ముందుగా తలుపు చూస్తాడు. అతను రాకముందే వడ్రంగిని పిలిచి బాగుచేయించడం మామూలుగా జరిగే పొరపాటు. ఫొటోలు తీసి, పగిలిన తాళాన్ని దాచి, ఆ తర్వాతే మరమ్మతు చేయించాలి. ఎఫ్‌ఐఆర్‌లో లోపలికి ఎలా వచ్చారో రాయించాలి. ‘నగలు పోయాయి’ అని మాత్రమే ఉంటే సందేహం మొదలవుతుంది. నగల బిల్లులు, మరమ్మతు రసీదు, చివరికి దొంగలు దొరకలేదన్న పోలీసు నివేదిక కూడా అడుగుతారు.