ఎన్ని మూరల పూలు?

హోసూరు బజారులో ఒకామె సాయంత్రం పూట మల్లెపూలు అమ్ముతుంది. కట్టిన పూలను మూర 15 రూపాయలకు తెచ్చుకొని 20 రూపాయలకు ఇస్తుంది. మల్లెలు మరునాటికి వాడిపోతాయి. మిగిలిన వాటిని ఎవరూ కొనరు. తక్కువ తెస్తే వచ్చినవారు తిరిగి వెళతారు. ఎక్కువ తెస్తే పెట్టిన డబ్బు కుప్పతొట్టి పాలవుతుంది. మరి రోజుకు ఎన్ని మూరలు తేవాలి?

ఏ రోజు ఎన్ని మూరలు అడిగారో ఆమె 20 రోజులు రాసి ఉంచింది. 3 రోజులు 30 మూరలు, 5 రోజులు 40, 6 రోజులు 50, 4 రోజులు 60, 2 రోజులు 70 మూరలు అడిగారు. సగటున రోజుకు 48న్నర మూరలు. కాబట్టి 50 మూరలు తేవడమే మంచిదని తోస్తుంది. కాని అది సరికాదు.

ఒక మూర అమ్ముడుపోతే ఆమెకు లాభం 5 రూపాయలు. మిగిలిపోతే నష్టం 15 రూపాయలు. ఒక మూర నష్టం పూడాలంటే మూడు మూరలు అమ్ముడుపోవాలి. అందువల్ల అదనంగా తెచ్చే ఏ మూర అయినా నాలుగు రోజులలో మూడు రోజులు, అంటే 20 రోజులలో కనీసం 15 రోజులు అమ్ముడైతేనే తేవాలి. 31 నుండి 40 వరకు ఉన్న మూరలను 17 రోజులు అడిగారు, అవి తేదగినవి. 41 నుండి 50 వరకు ఉన్న మూరలను 12 రోజులే అడిగారు, అవి తేకూడదు. రోజూ 40 మూరలు తెస్తే 20 రోజుల లాభం 3,400 రూపాయలు. 50 తెస్తే 2,800 మాత్రమే.

పూలు చవకై మూర 5 రూపాయలకే దొరికితే లెక్క తిరగబడుతుంది. అప్పుడు లాభం 15, నష్టం 5. నాలుగు రోజులలో ఒక రోజు, అంటే 20లో 5 రోజులు అమ్ముడైనా చాలు. 51 నుండి 60 వరకు ఉన్న మూరలను 6 రోజులు అడిగారు కనుక 60 తేవచ్చు. అడిగేవారు మారలేదు, లాభనష్టాల నిష్పత్తి మారింది.

దీనిని పత్రికలు అమ్మేవాని సమస్య అంటారు. నిన్నటి పత్రిక కూడా వాడిన పువ్వు వంటిదే. బ్యాంకు ఎంత నగదు చేతిలో ఉంచుకోవాలని 1888లో ఎడ్జ్‌వర్త్ అనే ఆర్థికశాస్త్రవేత్త ఇటువంటి ఆలోచనే చేశాడు.

ఈ లెక్కలో ఒక పొరపాటు జరిగే వీలుంది. 40 మూరలే తెచ్చి, అమ్ముడైనవి మాత్రమే రాసుకొంటే పుస్తకంలో 40కి మించి ఎన్నడూ కనబడదు. పూలు తరచుగా పెందలాడే అయిపోతుంటే ఆ లెక్కను నమ్మరాదు. పూలు అయిపోయాక వచ్చి అడిగినవారిని కూడా రాసుకోవాలి. పండుగనాటి లెక్కను మామూలు రోజులతో కలపక విడిగా ఉంచాలి.