హెచ్‌ఆర్‌కి ఆ మెయిల్ ఎలా రాయాలి?

గచ్చిబౌలిలో ఒక ఐటీ కంపెనీలో ఆరేళ్లుగా పనిచేస్తున్న అమ్మాయి ఉందనుకుందాం. తమ్ముడు జర్మనీలో ఎమ్మెస్ చదువుతున్నాడు. జూన్‌లో అమ్మను తీసుకుని రెండు వారాలు వెళ్లి చూసి రావాలని ఆమె ఆలోచన. షెంగెన్ వీసాకు కావలసిన కాగితాల జాబితాలో ‘ఎంప్లాయర్ లెటర్’ కనిపించగానే ఆఫీసు పోర్టల్ తెరిచి, ‘లెటర్స్’ అన్నచోట నొక్కింది. నిమిషంలో ఒక పీడీఎఫ్ వచ్చింది. ఫలానా తేదీ నుంచి ఈమె మా సంస్థలో ఉద్యోగం చేస్తున్నారని రెండు వాక్యాలు, అడుగున ‘ఇది కంప్యూటర్‌లో తయారైనది, సంతకం అవసరం లేదు’ అన్న గమనిక.

ఆ ఉత్తరంలో అబద్ధమేమీ లేదు. కానీ వీసా అధికారికి కావలసినదీ అందులో లేదు. సందర్శకుల వీసా దరఖాస్తు చూసే మనిషికి ముఖ్యంగా రెండు సందేహాలుంటాయి. ప్రయాణానికి డబ్బుందా? పని చూసుకుని తిరిగి వచ్చేస్తారా? మొదటిదానికి బ్యాంకు స్టేట్‌మెంటు, పే స్లిప్పులు జవాబు చెబుతాయి. రెండోదానికి గట్టిగా జవాబు చెప్పగల కాగితాల్లో కంపెనీ ఉత్తరం ఒకటి. సెలవు ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు మంజూరైందో, ఆ తర్వాత ఆమె మళ్లీ ఇదే ఉద్యోగంలో చేరతారో లేదో కంపెనీయే చెప్పాలి. పోర్టల్‌లో తయారయ్యే ఉత్తరానికి ఈ సంగతి తెలియదు. అందుకే హెచ్‌ఆర్‌కి విడిగా మెయిల్ రాయాలి, ఎందుకు అడుగుతున్నామో అందులో చెప్పాలి.

‘ఎంప్లాయ్‌మెంట్ లెటర్ కావాలి, అర్జెంట్’ అని రాస్తే అదే రెండు వాక్యాల కాగితం మళ్లీ వస్తుంది. హెచ్‌ఆర్‌లో కూర్చున్న మనిషి రోజూ ఇలాంటివి చాలా చూస్తారు. మన పని ఆమెకు తేలిక చేస్తే మన ఉత్తరం సరిగ్గా వస్తుంది. ఆఫీసులో మెయిల్ ఇంగ్లీషులోనే వెళ్తుంది కానీ, అందులోని సారం ఇలా ఉండాలి:

“నమస్తే అండీ. జూన్ 8 నుంచి 21 వరకు జర్మనీ వెళ్లడానికి సందర్శక వీసాకు దరఖాస్తు చేస్తున్నాను. మే 4న వీసా కేంద్రంలో అపాయింట్‌మెంట్ ఉంది. అందుకోసం కంపెనీ లెటర్‌హెడ్ మీద, సంతకం, ముద్రతో ఒక ఉత్తరం కావాలి. జర్మనీ కాన్సులేట్ వీసా విభాగం పేరిట ఇవ్వగలరు. పాస్‌పోర్టులో ఉన్నట్టుగా నా పూర్తి పేరు, పాస్‌పోర్టు నంబరు, హోదా, చేరిన తేదీ, పర్మనెంట్ ఉద్యోగినన్న విషయం, నెల జీతం, మంజూరైన సెలవు తేదీలు, జూన్ 22న తిరిగి విధుల్లో చేరతానన్న మాట అందులో ఉండాలి. సంతకం చేసేవారి పేరు, హోదా, ఆఫీసు ఫోను, మెయిల్ కూడా ఉంటే మేలు. పాస్‌పోర్టు మొదటి పేజీ, సెలవు మంజూరు మెయిల్ జతచేశాను. ఏప్రిల్ 27లోగా ఇవ్వగలరా?”

ఇందులో రెండు విషయాల దగ్గర మనవాళ్లు ఎక్కువగా చిక్కుకుంటారు. మొదటిది పేరు. మన ఇళ్లలో ఇంటిపేరును పొడి అక్షరంగా రాయడం అలవాటు. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఒకలా, పాన్‌లో ఒకలా, ఆఫీసు రికార్డులో ముందు ఒక్క అక్షరంతో ఒకలా ఉంటుంది. పాస్‌పోర్టులో మాత్రం ఇంటిపేరు పూర్తిగా విడి గడిలో ఉండవచ్చు. ఇద్దరూ ఒకరేనని మనకు తెలుసు. ఇంటిపేరు అంటే ఏమిటో తెలియని విదేశీ అధికారికి అవి రెండు వేరే పేర్లు. అందుకే ఉత్తరంలో పాస్‌పోర్టు పేరే ఉండాలి, పక్కనే పాస్‌పోర్టు నంబరు ఉండాలి. కంపెనీ రికార్డులోని పేరు మార్చకుండా అలా రాయలేమని హెచ్‌ఆర్ అంటే, రెండు పేర్లూ ఒకే వ్యక్తివని ఒక వాక్యం చేర్చమని అడగవచ్చు.

రెండోది జీతం. ఆమె సీటీసీ ఏడాదికి 15 లక్షలు అనుకుందాం. ఉత్తరంలో ఆ అంకె ఒక్కటే వేస్తే, చదివేవారు పన్నెండుతో భాగించి నెలకు లక్షా పాతికవేలని లెక్కేస్తారు. బ్యాంకు స్టేట్‌మెంటులో చూస్తే నెలనెలా పడుతున్నది 91 వేలు. మిగతాది ఏమైందన్న అనుమానం అక్కడ పుడుతుంది. నిజానికి ఏమీ కాలేదు. ఆ 15 లక్షల్లో ఏడాదికోసారి వచ్చే వేరియబుల్ పే లక్షన్నర. కంపెనీ కట్టే పీఎఫ్ వాటా, గ్రాట్యుటీ కలిసి మరో లక్ష. అవి పోగా పన్నెండున్నర లక్షలు, అంటే నెలకు సుమారు లక్షా నాలుగువేలు. అందులోంచి ఆమె వాటా పీఎఫ్ 6,000, ప్రొఫెషనల్ ట్యాక్స్ 200, టీడీఎస్ 6,800 పోతే చేతికి వచ్చేది 91 వేల చిల్లర. కాబట్టి సీటీసీతో పాటు నెల గ్రాస్, నెల నెట్ కూడా రాయమనాలి. పే స్లిప్పు, బ్యాంకు స్టేట్‌మెంటు, ఉత్తరం మూడింట్లో ఒకే అంకె కనిపిస్తే ఎవరూ లెక్కలు వేసుకోనక్కర్లేదు.

అమ్మ ఖర్చు తానే పెట్టుకుంటానన్న మాట మాత్రం కంపెనీ ఉత్తరంలో రాయించకూడదు. దానికి కంపెనీ పూచీ పడదు. ఆమె తన పేరిట విడిగా రాసి, ఈ ఉత్తరం నకలును అమ్మ దరఖాస్తుకు జతచేస్తే సరిపోతుంది.

సమయం సంగతి. షెంగెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు, కనీసం 15 రోజుల ముందైనా చేయాలి. నిర్ణయానికి మామూలుగా 15 రోజులు, కొన్ని సందర్భాల్లో 45 రోజుల దాకా పట్టవచ్చు. అలాగని ఉత్తరాన్ని జనవరిలోనే తీసుకుని దాచుకుంటే పాతదైపోతుంది. అపాయింట్‌మెంట్‌కు మూడు వారాల ముందు అడగడం నా లెక్కలో సరైన సమయం. నెలాఖరున అడిగితే ఆలస్యమయ్యే అవకాశం ఎక్కువ, అప్పుడు జీతాల పని ఉంటుంది. సెలవు మంజూరు కాకుండా ఉత్తరం రాదు కనుక, ముందు మేనేజరు దగ్గర ఆ పని పూర్తి చేసుకోవాలి.

హైదరాబాదులో చాలామంది ఒక కంపెనీ జీతం మీద ఉంటూ మరో కంపెనీ ఆఫీసులో పనిచేస్తుంటారు. వాళ్లకు ఉత్తరం ఇవ్వవలసింది జీతం ఇచ్చే కంపెనీ. రోజూ వెళ్లే ఆఫీసువాళ్లను అడిగితే వాళ్లు ఇవ్వలేరు, ఇచ్చినా పే స్లిప్పుతో కలవదు.

ఇదే అమ్మాయి రేపు హోమ్ లోన్‌కు వెళ్తే ఉత్తరం మారిపోతుంది. బ్యాంకుకు సెలవు తేదీలు, పాస్‌పోర్టు నంబరు అక్కర్లేదు. ఎన్నాళ్లుగా ఉద్యోగంలో ఉంది, ప్రొబేషన్ పూర్తయిందా, నెలనెలా చేతికి ఎంత వస్తుంది అన్నవే కావాలి, ఎందుకంటే నెట్ జీతం మీదే ఈఎంఐ లెక్క కడతారు. కొన్ని బ్యాంకులు తమ సొంత ఫారమే ఇచ్చి హెచ్‌ఆర్‌తో నింపించమంటాయి. ఉత్తరం అందాక హెచ్‌ఆర్‌కి ఫోనో మెయిలో చేసి నిజమేనా అని అడగడం కూడా ఉంటుంది. ఆ ఫోను వస్తుందని హెచ్‌ఆర్‌కి ముందే చెప్పి ఉంచాలి. చాలా కంపెనీలు తెలియనివాళ్లకు ఉద్యోగుల వివరాలు చెప్పవు, అక్కడే లోను ఫైలు వారాలు ఆగిపోతుంది. రాజీనామా ఇచ్చి నోటీసు పీరియడ్‌లో ఉన్నవాళ్లు ఆ సంగతి దాచి ఉత్తరం రాయించుకోవాలని చూడకూడదు. ఆ ఫోను కాల్‌లోనే అది బయటపడుతుంది.

ఉత్తరం చేతికొచ్చాక పాస్‌పోర్టు, పే స్లిప్పు, టికెట్ బుకింగ్ పక్కన పెట్టుకుని ఒక్కో అక్షరం సరిచూసుకోవాలి. పాస్‌పోర్టు నంబరులో ఒక అంకె తారుమారైనా, సెలవు 20తో ముగిసి తిరుగు టికెట్ 21న ఉన్నా పెన్నుతో దిద్దకూడదు. దిద్దిన ఉత్తరం మీద నమ్మకం పోతుంది. ఏ వరుసలో ఏది తప్పో, అక్కడ ఏముండాలో ఒక్క వాక్యంలో హెచ్‌ఆర్‌కి తిరిగి రాసి, కొత్త ఉత్తరం మీద మళ్లీ సంతకం చేయించుకోవాలి. ఏప్రిల్ 27 అని గడువు పెట్టి, మే 4కి ముందు వారం రోజులు మిగుల్చుకున్నది అందుకే.